సమ్మర్ క్యాంప్ పోస్టర్‌కి లైకులొస్తున్నాయి, పిల్లలు రావట్లేదు

ప్రశ్న: అక్కా, మాది రాజమండ్రి. డ్రాయింగ్ టీచర్‌ని. రెండేళ్లుగా ఎండాకాలం ఒక స్కూల్ బిల్డింగ్ అద్దెకు తీసుకుని 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సమ్మర్ క్యాంప్ పెడుతున్నాను, పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. ఇన్‌స్టాలో, వాట్సాప్ స్టేటస్‌లో పోస్టర్లు పెడితే లైకులు, ఫోన్లు బాగానే వస్తున్నాయి గానీ అందరూ "ఆలోచించి చెప్తామండీ" అని పెట్టేస్తున్నారు. పైగా కిందటేడు ఒక బాబు కుళాయి దగ్గర జారిపడితే గడ్డానికి కుట్లు పడ్డాయి, ఆ విషయం అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిరిగింది. ఈసారి తల్లిదండ్రుల సందేహాలకే పోస్టులు పెడదామనుకుంటున్నా. సేఫ్టీ గురించి ఎంత చెప్పాలి, ఏది చెప్పకూడదు? తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులోనా?

జవాబు: మీరు పంపిన పోస్టర్లు చూశాను. యోగా, జుంబా, వేదిక్ మ్యాథ్స్, క్లే మోడలింగ్ అంటూ పద్నాలుగు పేర్లు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి, టైమింగ్ మాత్రం ఒక బెలూన్ కింద కనపడీ కనపడకుండా ఉంది, పిల్లలతో లోపల ఎవరుంటారో అసలు లేనే లేదు. ఫోన్ చేసే తల్లికి జుంబా ఉందో లేదో అక్కర్లేదండీ. మిట్టమధ్యాహ్నం ఎండలో పిల్లాడు ఎలా ఇంటికొస్తాడు, వాళ్ల తాతయ్య రావడం ఆలస్యమైతే ఎవరు చూసుకుంటారు, ఇవి కావాలి. ఫోన్లో అవన్నీ అడిగితే అనుమానిస్తున్నట్టు ఉంటుందని మొహమాటపడి, ఫీజు ఎంతో కనుక్కుని పెట్టేస్తారు. "ఆలోచించి చెప్తాం" అంటే చాలాసార్లు ఫీజు ఎక్కువని కాదు, అడగలేకపోయిన ప్రశ్న ఒకటి లోపల మిగిలిపోయిందని.

కాబట్టి ముందు ఫోన్ తీసి, ఈ రెండేళ్లలో ఎంక్వైరీ చేసి చేరనివాళ్ల చాట్‌లు ఒక్కొక్కటీ తెరవండి. వాళ్లు మౌనంగా అయిపోయే ముందు అడిగిన చివరి ప్రశ్న ఏదో చూసి, వాళ్లు ఎలా టైప్ చేశారో అలాగే నోట్‌బుక్‌లో రాసుకోండి, భాష దిద్దకండి. "మా పాప కొత్తచోట బాత్రూమ్‌కి అడగడానికి సిగ్గుపడుతుంది, ఎవరైనా తోడెళ్తారా?" అని ఎవరో అడిగి ఉంటారు చూడండి, ఆ వాక్యమే మీ పోస్ట్‌కి హెడ్డింగ్. "పరిశుభ్రమైన వాష్‌రూమ్ సౌకర్యం కలదు" అని రాస్తే చూసినవాళ్లు కూడా చూడనట్టే దాటిపోతారు. ఒక ప్రశ్నకి ఒక పోస్ట్ చాలు. ఎనిమిది ప్రశ్నలు ఒకే ఇమేజ్‌లో కుక్కితే మళ్లీ ఆ పాత పోస్టరే అవుతుంది.

ఇక షెడ్యూల్. పోస్ట్ రాసే ముందు మీ టైమే మార్చాలి, ఎందుకంటే తొమ్మిది నుంచి ఒంటిగంట అనే షెడ్యూల్‌ని ఎంత బాగా రాసినా సమర్థించలేరు. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలోకి వెళ్లొద్దని వాతావరణ శాఖ, విపత్తుల నిర్వహణ సంస్థ ప్రతి వేసవిలోనూ చెప్తూనే ఉంటాయి, మీరేమో సరిగ్గా ఒంటిగంటకి పిల్లల్ని స్కూటర్ ఎక్కిస్తున్నారు. రాజమండ్రి మే నెల ఎండ గురించి మీకు నేను చెప్పేదేముంది! ఏడున్నరకి మొదలుపెట్టి పదకొండుకి వదిలేయండి. అరగంట తగ్గుతుంది, ఫీజు కొంచెం తగ్గించాల్సి రావచ్చు, అయినా ఆఫీసుకెళ్లే నాన్నలు దారిలో దింపి వెళ్లడానికి ఈ టైమే వీలుగా ఉంటుంది. పదకొండుకి తీసుకెళ్లడానికి ఎవరూ ఖాళీగా ఉండని ఇళ్లు కొన్ని ఉంటాయి, వాళ్లకి మీ క్యాంప్ కుదరదు. అది కూడా పోస్ట్‌లోనే చెప్పేస్తే అనవసరమైన ఫోన్లు తగ్గుతాయి.

షెడ్యూల్ రాసేటప్పుడు యాక్టివిటీ పేరు కన్నా పిల్లలు ఎక్కడ ఉంటారన్నది ముఖ్యం. ఇలా రాయొచ్చు:

"7:30 నుంచి 7:45 లోపు గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం చేసి దింపండి. 8:30 దాకా చెట్ల నీడలో ఆటలు. బయట ఉండేది ఈ ముప్పావుగంటే, ఆ తర్వాత అంతా గదుల్లోనే. 8:30కి నీళ్లు తాగించి, పది నిమిషాల విశ్రాంతి. 9:40 దాకా బొమ్మలు. తర్వాత ఇరవై నిమిషాలు టిఫిన్, ఇంటినుంచి తెచ్చుకున్నది. 10 నుంచి 10:45 దాకా కథలు, క్యారమ్స్, కాగితపు బొమ్మలు. 10:45కి బ్యాగులు సర్దించడం మొదలుపెడతాం, 11 నుంచి 11:15 మధ్య మీరు వచ్చి తీసుకెళ్లాలి. కరెంటు పోతే రెండు గదుల్లో ఫ్యాన్లకి ఇన్వర్టర్ ఉంది, పిల్లలందరినీ ఆ రెండు గదుల్లోకే తెస్తాం."

ఇన్వర్టర్ లేకపోతే ఆ చివరి వాక్యం రాయకండి, లేదని రాయండి, కరెంటు పోయి అరగంట దాటితే ఏం చేస్తారో కూడా చెప్పండి. టిఫిన్ ముందు చేతులు కడిగించే పని ఎవరిది అనే చిన్న విషయం కూడా అమ్మలు గమనిస్తారు.

ఎండకి ఇంకో పోస్ట్ విడిగా కావాలి, అందులో కచ్చితమైన రూల్ ఉండాలి. "ఎండ ఎక్కువగా ఉంటే జాగ్రత్తలు తీసుకుంటాం" అంటే ఏమీ చెప్పనట్టే లెక్క. మన రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో ఏ మండలాల్లో వడగాలులు, ఏ మండలాల్లో తీవ్ర వడగాలులు అని లిస్టు ఇస్తుంటుంది కదా, దాన్నే పట్టుకోండి. మన మండలం వడగాలుల లిస్టులో ఉంటే ఆరుబయట ఆట ఉండదు, తీవ్ర వడగాలుల లిస్టులో ఉంటే ఆరోజు క్యాంపే ఉండదు, ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు మెసేజ్ వస్తుంది, పోయిన రోజుకి చివర్లో ఒక రోజు కలుపుతాం. ఇలా రాస్తే నిర్ణయం మీ మూడ్ మీద ఆధారపడదని చదివేవాళ్లకి తెలుస్తుంది, ఆరోజు ఎవరూ మీతో వాదించరు కూడా. ఓఆర్ఎస్ పెట్టుకుంటామని రాస్తారు కాబట్టి ఒక మాట: తీపి డ్రింకుల డబ్బాల మీద ఓఆర్ఎస్ అని వేసుకోవడాన్ని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబర్‌లో ఆపించింది. మందుల షాపులో దొరికే పెద్ద ప్యాకెట్ తెచ్చుకుని, దానిమీద రాసినట్టు మొత్తం పొడిని లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో పోసి కలిపితే ఉప్పు మోతాదు మించి పిల్లలకి ప్రమాదం. మీ దగ్గర పనిచేసే అమ్మాయికి ఇది ముందే నేర్పండి.

సేఫ్టీ పోస్టుల్లో అన్నిటికన్నా బలమైనది పిల్లల్ని ఎవరికి అప్పగిస్తారు అన్నది. చిత్రంగా దీని గురించి ఎవరూ రాయరు, అందరూ సీసీ కెమెరాల గురించే రాస్తారు. మీరు ఈ పద్ధతి పెట్టుకోండి. చేర్చేటప్పుడు ఫారంలో పిల్లాడిని తీసుకెళ్లగలిగే ముగ్గురి పేర్లు, నంబర్లు, ఫొటోలు తీసుకోవాలి. ఆ ముగ్గురూ కాక నాలుగో మనిషి వస్తే, బాబాయ్ అని పిల్లాడే పరిగెత్తుకెళ్లినా సరే, ఫారంలో ఉన్న నంబర్‌కి మీరే ఫోన్ చేయాలి. వచ్చినాయన "ఇదిగో మా వదిన లైన్లో ఉంది, మాట్లాడండి" అని తన ఫోన్ ఇస్తే తీసుకోకూడదు, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఫోన్ ఎత్తకపోతే పిల్లాడు లోపలే కూర్చుంటాడు. నిజమైన బాబాయ్‌కి కోపం వస్తుంది, వస్తుందని పోస్ట్‌లోనే రాసేయండి: "మీ సొంత తమ్ముడినే గేటు దగ్గర పది నిమిషాలు నిలబెట్టాల్సి రావచ్చు, ఆరోజు మమ్మల్ని తిట్టుకోకండి." ఈ ఒక్క లైన్ చదివిన తల్లి ఇంకో ఇద్దరికి ఫార్వర్డ్ చేస్తుంది.

ఆలస్యం సంగతి కూడా అందులోనే రావాలి. 11:15 దాటితే ఎవరుంటారు? ఒక్క మనిషి, ఒక్క పిల్లాడు మిగిలే పరిస్థితి రానివ్వకూడదు, ఆఖరి పిల్లాడు వెళ్లేదాకా ఇద్దరు పెద్దవాళ్లు ఉంటారని రాసి, నిజంగా ఉండండి. వ్యాన్, ఆటో మీరు నడపరు కదా, ఆ ముక్క సూటిగా చెప్పండి. మీరు పెట్టుకున్న ఆటోతో మాకు సంబంధం లేదు గానీ, డ్రైవర్ పేరు ఆ ముగ్గురిలో ఉంటేనే పిల్లల్ని ఎక్కిస్తాం అని.

స్టాఫ్ గురించి "అనుభవజ్ఞులైన సిబ్బంది" అనే మాట తీసేయండి. ఎంతమంది పిల్లలకి ఎంతమంది పెద్దవాళ్లు, వాళ్లలో ఆడవాళ్లెంతమంది, బాత్రూమ్ వరకు తోడెళ్లేది ఆయమ్మా టీచరా, లోపలికి వెళ్తారా తలుపు బయటే ఉంటారా, ఇవి రాయాలి. 2020 పోక్సో నిబంధనల ప్రకారం పిల్లలతో తరచూ మెలిగే సంస్థలు టీచింగ్, నాన్ టీచింగ్, రెగ్యులర్, కాంట్రాక్టు అనే తేడా లేకుండా సిబ్బంది అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. నెల రోజుల క్యాంపే కదా అనుకోకుండా ఇప్పుడే అప్లై చేయండి, ఏప్రిల్ దాకా ఆగితే చేతికి రాకముందే క్యాంప్ అయిపోవచ్చు. వచ్చాక "అందరికీ చేయించాం, చూడాలంటే ఆఫీసులో చూపిస్తాం" అని రాస్తే చాలు, ఆ కాగితం ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టకండి, అందులో వాళ్ల అడ్రసూ వివరాలూ ఉంటాయి. ఒకటి మర్చిపోయేలా ఉన్నారు, అద్దె బిల్డింగ్ కాబట్టి అక్కడ స్కూల్ వాచ్‌మన్ ఉంటాడు, కొన్నిచోట్ల కుటుంబంతో సహా అక్కడే కాపురముంటాడు. ఆయన మీ మనిషి కాదు, అయినా పిల్లల కళ్ల ముందు తిరిగే మనిషి. ఆయన గురించి తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు, స్కూల్ వాళ్లతో ముందే మాట్లాడి, వెరిఫికేషన్ ఉందో లేదో కనుక్కుని, క్యాంప్ టైమ్‌లో ఆయన గేటు దాటి గదుల వైపు రాకుండా ఏర్పాటు చేసుకుని అప్పుడు జవాబు చెప్పండి.

కెమెరాలు ఉన్నాయని రాసేముందు అవి రికార్డ్ చేస్తున్నాయో లేదో చూసుకోండి. సెలవుల్లో స్కూళ్లు చాలాసార్లు సిస్టమ్ ఆఫ్ చేసేస్తాయి, గోడకి డబ్బా మాత్రం వేలాడుతుంటుంది. "100% సేఫ్" అనే మాట ఎక్కడా వాడొద్దు. లేనివి లేవని చెప్పడం మీకు నష్టం కాదు. డాక్టర్ ఉండరు, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఉంది, ఫలానా హాస్పిటల్ ఇన్ని నిమిషాల దూరం, ముందు మీకు ఫోన్ చేస్తాం, మీరు ఎత్తకపోయినా తీసుకెళ్లడం ఆపం. ఇక మీ ఊరికి ప్రత్యేకంగా ఉన్న భయం ఒకటుంది, గోదావరి. పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్తారా అని అడిగే ప్రతి అమ్మ మనసులో ఉండేది ఘాటే. "ఈత లేదు, గోదావరి గట్టుకి తీసుకెళ్లం, గేటు దాటి ఒక్క పిక్నిక్ కూడా లేదు" అని పెద్ద అక్షరాల్లో ఒక పోస్ట్ పెట్టండి. మీ పద్నాలుగు యాక్టివిటీలు చేయలేని పని అది చేస్తుంది.

ఇప్పుడు ఆ బాబు విషయం. దాని మీద మౌనంగా ఉండి మిగతా సేఫ్టీ అంతా రాస్తే, ఊళ్లో కథ తెలిసిన ప్రతివాళ్లూ "అది మాత్రం చెప్పలేదు చూశావా" అంటారు. ఆ పాత గ్రూపుల్లోకెళ్లి వాదించకండి, అక్కడ ఎవరూ వినరు. ముందు ఆ బాబు తల్లిదండ్రులకి ఫోన్ చేసి ఇలా రాద్దామనుకుంటున్నానని చదివి వినిపించండి, వాళ్లు వద్దంటే పబ్లిక్‌గా పెట్టకుండా అడిగినవాళ్లకి మాత్రమే చెప్పండి. సరేనంటే పేరు, వయసు, స్కూల్, ఏ రోజు జరిగింది ఏదీ లేకుండా ఇంత రాయండి:

"కిందటేడు మా క్యాంప్‌లో ఒక బాబు నీళ్ల కుళాయి దగ్గర జారిపడితే గడ్డం దగ్గర కుట్లు పడ్డాయి. అక్కడ నేల నున్నటి బండ, ఎప్పుడూ తడిగా ఉండేది, పిల్లలందరూ ఒకేసారి అక్కడికి వెళ్లేవాళ్లు. ఈసారి ఆ కుళాయి వాడట్లేదు. తాగే నీళ్లు గదిలోనే క్యాన్‌లో ఉంటాయి, చేతులు కడుక్కోవడానికి ఐదుగురు చొప్పున ఒక టీచర్ వేరే కుళాయి దగ్గరికి తీసుకెళ్తారు, అక్కడ రబ్బరు మ్యాట్ వేశాం. ఫొటో కింద ఉంది, వచ్చి చూడొచ్చు."

"దురదృష్టవశాత్తు", "అనుకోకుండా" లాంటి మాటలు లేకుండా రాశాను గమనించండి, అవి వస్తే తప్పించుకుంటున్నట్టు ఉంటుంది. ఆ బాబు జాగ్రత్తగా లేడని సూచించే మాట పొరపాటున కూడా రాకూడదు. కామెంట్లలో ఎవరైనా పుల్లవిరుపుగా అడిగితే ఇదే పోస్ట్ చూడమని ఒక్కసారి మర్యాదగా చెప్పి వదిలేయండి. ఆ మ్యాట్, ఆ క్యాన్ నిజంగా పెట్టాకే పోస్ట్ చేయాలి, పెడతాం అని కాదు.

చెప్పకూడనివి అడిగారు. రూల్ పబ్లిక్‌గా చెప్పండి, వివరం చేరినవాళ్లకి మాత్రమే. అంటే ముగ్గురికే అప్పగిస్తామని ఊరంతటికీ చెప్పొచ్చు. ఏ పిల్లలు ఏ గేటు నుంచి వస్తారు, ఏ టీచర్ ఏ గదిలో ఉంటుంది, ఎవరు ఆటోలో వెళ్తారు అనేవి బయట పెట్టకూడదు. క్యాంప్ జరుగుతుండగా పిల్లల మొహాలు కనపడే ఫొటోలు, లొకేషన్ ట్యాగ్‌తో లైవ్ స్టోరీలు వద్దు. మీకు పబ్లిసిటీ అనిపించేది, చూసే తల్లికి "రేపు మా పాప మొహం కూడా ఇలాగే పెడతారా" అనిపిస్తుంది. రంగు పూసుకున్న చేతులు, పిల్లలు వేసిన బొమ్మలు, ఖాళీ గది, కుళాయి, గేటు దగ్గర రిజిస్టర్ చాలు. రిజిస్టర్ ఫొటో తీస్తే పేర్లు రాయని ఖాళీ పేజీ తీయండి. ఫొటోలకి అనుమతి అడ్మిషన్ ఫారంలో కలిపేయకుండా విడి కాగితం మీద తీసుకోండి, వద్దన్నవాళ్ల సీటుకి ఏమీ కాదని అక్కడే రాయండి.

ఎక్కడ పెట్టాలన్నది పెద్ద విషయం కాదు. ఇన్‌స్టాలో మూడు పోస్టులు పైన పిన్ చేయొచ్చు కాబట్టి షెడ్యూల్, అప్పగింత, గోదావరి పోస్టులు అక్కడ ఉంచండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది, ఎంక్వైరీ చేసినవాళ్లలో చాలామంది సేవ్ చేసుకోరు. బిజినెస్ యాప్‌లో క్విక్ రిప్లైలు ఉన్నాయి, ఈ జవాబులన్నీ అందులో పెట్టుకుంటే ఎవరు అడిగినా ఒకే మాట వెళ్తుంది. ఫోన్లో మీరొకటి, మీ ఆయన ఇంకొకటి చెప్పడం ఆగుతుంది. చేరిన తల్లిదండ్రుల గ్రూప్‌లో అడ్మిన్లే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చండి, లేకపోతే ఎండ మెసేజ్ గుడ్‌మార్నింగుల కింద కొట్టుకుపోతుంది.

మొదలుపెట్టాల్సింది మార్చి మధ్యలో, ఒంటిపూట బడులు వచ్చి పిల్లలు మధ్యాహ్నాలు ఇంట్లో గోల మొదలుపెట్టినప్పుడు. వారానికి రెండు పోస్టులు చాలు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున స్కూల్ తెరిచి ఉంచి, వచ్చి గదులు, బాత్రూమ్‌లు చూసుకోమనండి. నెలరోజుల క్యాంప్ ఒక్కటే పెట్టకుండా రెండు వారాల బ్యాచ్‌లు రెండు చేయండి, మేలో అమ్మమ్మగారి ఊళ్లు, పెళ్లిళ్లు ఉంటాయి, మధ్యలో వారం పోతుందని తెలిసి పూర్తి ఫీజు ఎవరు కడతారు? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు అన్నది కూడా ఒక పోస్టే, అంకెలతో సహా.

పనిచేస్తోందో లేదో లైకుల్లో తెలీదు, ఈ పోస్టులకి లైకులు తక్కువే వస్తాయి. ఫోన్ చేసిన ప్రతివాళ్లనీ ఏది చూసి చేశారని అడిగి రాసుకోండి. "పిల్లలు జాగ్రత్తేనా అండీ" అనే ఫోన్లు తగ్గి "రెండో బ్యాచ్‌లో సీటుందా" అనేవి పెరిగితే దారిలో పడ్డట్టే. ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ పోస్ట్ అర్థం కాలేదన్నమాట, తిరగరాయండి.

భాష తెలుగే పెట్టండి, మాట్లాడుకునే తెలుగు. ఫీజు కట్టేది అమ్మానాన్నలే గానీ, పదకొండింటికి గేటు దగ్గరకొచ్చేది ఎక్కువగా తాతయ్యలూ అమ్మమ్మలే, అప్పగింత రూల్ తెలియాల్సింది వాళ్లకి. ఆ ఒక్క పోస్ట్ పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించి మొదటిరోజే పిల్లల బ్యాగులో పెట్టి పంపండి, వాట్సాప్ చూడని తాతయ్యలు ఉంటారు.